మ్యూజియం లేబుళ్ల తెలుగు అనువాదం, తరగతి ప్రశ్నలు: అమరావతి శిల్పాల విషయంలో ఒక అనుభవం

కృష్ణాతీరపు బౌద్ధ శిల్పాలను భద్రపరచిన ఒక మ్యూజియంవారు కొన్నేళ్ల కిందట తమ లేబుళ్లను పాఠశాల విద్యార్థుల కోసం తెలుగు చేయించదలచి ఆ పని నాకు అప్పగించారు. లేబుల్ అంటే శిల్పం పక్కన నాలుగైదు పంక్తులలో ఉండే పరిచయం. దీనికి వివరణ ఫలకమనే మాట ఉన్నా, ఇక్కడ ఫలకమంటే శిల్పం చెక్కిన రాయి కూడా కనుక గందరగోళం లేకుండా లేబుల్ అనే వ్యవహరిస్తాను. ఇంగ్లీషు లేబుళ్లన్నీ ఒక పట్టికగా నా దగ్గరకు వచ్చాయి. శిల్పాలను వెళ్లి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. నిఘంటువులు పక్కన పెట్టుకొని, ఇంటిలో కూర్చుని, రెండు వారాలలో పని ముగించాను. భాషలో తప్పులు లేవని తృప్తి కూడా పడ్డాను.

ఆ తృప్తి పోవడానికి ఒక ఎనిమిదవ తరగతి నోటుపుస్తకాల కట్ట కారణమైంది. మ్యూజియం చూసి వెళ్లిన పిల్లల చేత సాంఘికశాస్త్రం బోధించే ఉపాధ్యాయిని ఒకరు 'నేను చూసిన శిల్పం' అన్న శీర్షికతో అర పేజీ రాయించి, ఆ పుస్తకాలు నాకు పంపించారు. నలుగురైదుగురు పిల్లలు దాదాపు ఒకే మాట రాశారు. ఆ రోజులలో భిక్షువులు ఈ రాయిని డోలుగా వాయించేవారట. ఒక అబ్బాయి ఇంకొంచెం ముందుకు వెళ్లి, రాతిడోలు మోగాలంటే ఎంత బలం కావాలో అని ఆశ్చర్యపోయాడు. ఆ అబ్బాయి తప్పేమీ లేదు. లేబుల్‌లో నేను రాసినది 'డోలు ఫలకం' అనే.

ఇంగ్లీషులో అక్కడ ఉన్న మాట డ్రమ్ శ్లాబ్. వాస్తుశాస్త్ర పరిభాషలో డ్రమ్ అంటే గుమ్మటం వంటి కట్టడానికి అడుగున ఉండే గుండ్రని, నిలువు గోడల భాగం. అమరావతి స్తూపంలో ఈ భాగానికి చుట్టూ చెక్కిన రాతిపలకలు తొడిగారు. వాటిలో ఒకటి మా మ్యూజియంలోని రాయి. నిఘంటువు నాకు డోలు అన్నది, నేను అదే రాశాను. శిల్పం ముందు ఒక్క నిమిషం నిలబడి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు. అందువల్ల పట్టికను పక్కన పెట్టి, ఈసారి రాళ్ల ముందు కుర్చీ వేసుకొని, ఆ పని మళ్లీ మొదలుపెట్టాను. ఆ రెండవ ప్రయత్నంలో తెలిసిన విషయాలే ఈ వ్యాసానికి ఆధారం.

డోలు తీసివేయగానే సంస్కృత పరిభాష దగ్గరకు వెళ్లడం సహజం. స్తూప భాగాలకు చక్కని పేర్లున్నాయి. డ్రమ్ భాగం మేధి, దానిమీద బోర్లించిన గిన్నెవంటి భాగం అండం, పైన హర్మిక, ఛత్రం, చుట్టూ ఉన్న రాతికంచె వేదిక. పాఠ్యపుస్తకాలలోనూ ఇవే కొంతవరకు కనిపిస్తాయి. కానీ ఈ పేర్లతో రెండవ ప్రమాదం ఎదురైంది. 'వేదిక' అన్న మాట తెలుగు పిల్లవాడికి బాగా తెలుసు. పాఠశాల వార్షికోత్సవంలో అతడు పాట పాడినది వేదిక మీదనే. కంచె దగ్గర వేదిక అని రాసి ఉంటే అతని కన్ను ఎత్తైన తిన్నె కోసం వెదుకుతుంది. ఆ తిన్నె వంటిది అక్కడ నిజంగానే ఉన్నది, అది మేధి. అంటే సంస్కృతంలోని పేరును ఉన్నది ఉన్నట్లు తెలుగు లిపిలో రాస్తే, పిల్లవాడు ఒక భాగం పేరు చదివి మరొక భాగాన్ని చూస్తాడు. తెలియని మాట అయితే ఉపాధ్యాయుడిని అడుగుతాడు. తెలిసిన మాట వేరే అర్థంతో వచ్చినప్పుడు అడగడు, తనకు తెలుసుననుకుంటాడు. తత్సమాలతో అనువాదం చేసేవారు జాగ్రత్త పడవలసినది ఇటువంటి మాటల దగ్గరనే అనిపిస్తుంది.

మేధికి నాకు చివరకు దొరికిన మాట 'అరుగు'. ఇంటిగోడను ఆనుకొని, నేలకంటే ఎత్తుగా, మనుషులు కూర్చునే అరుగు కాదిది, గుండ్రనిది. కాబట్టి 'గుండ్రని అరుగు' అన్నాను. దీనిని నేను కల్పించలేదు. ఈ భాగాన్ని ఏమంటారని ఆ మ్యూజియంలో శిల్పాలు కడిగి తుడిచే ఒక పెద్దాయనను అడిగితే, ఆయన రాతిమీద బొమ్మను చేత్తో చూపిస్తూ "ఇది అరుగు కదండీ, దిన్నె దీని మీద కూర్చున్నది" అన్నారు. ఆ ఒక్క వాక్యంలో నాకు రెండు మాటలు దొరికాయి.

రెండవది దిన్నె. అండం అని రాస్తే పిల్లలకు జీవశాస్త్ర పాఠం గుర్తుకొస్తున్నది. గుమ్మటం అని మార్చి చూశాను. అప్పుడు కొందరు పిల్లలు "సార్, లోపలికి వెళ్లడానికి తలుపు ఎక్కడ ఉండేది?" అని అడిగారు. మంచి ప్రశ్నే. గుమ్మటమంటే లోపల ఖాళీ ఉన్నదని మనకు తెలిసిన అర్థం. స్తూపం లోపల మట్టి, ఇటుక నిండి ఉంటాయి. దానిలోనికి ఎవరూ వెళ్లరు, దాని చుట్టూ తిరుగుతారు. గుమ్మటం అన్న మాట ఆ మూల విషయాన్నే తారుమారు చేస్తున్నది. అమరావతి స్తూపపు శిథిలాన్ని ఆ ఊరివారు పిలిచిన పేరు దీపాలదిన్నె. 1797లో కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేనాటికి ఆ దిబ్బ పేరు అదే. స్తూపమంటే ఏమిటో మరచిపోయిన కాలంలో కూడా ఊరివారు దాని ఆకారానికి సరైన మాటనే వాడారు. దిన్నె అంటే లోపల ఖాళీ లేనిది, పైకి ఉబ్బినది. అది తీసుకున్న తరువాత తలుపు ప్రశ్న మళ్లీ రాలేదు.

కంచె విషయంలో కొంత తటపటాయించాను. కంచె అనగానే ముళ్లకంప గుర్తుకొస్తుంది. అమరావతి కంచెలో నిలువు స్తంభాలున్నాయి, వాటికి పక్కలలో తొలిచిన తొర్రలున్నాయి, ఆ తొర్రలలో దూర్చిన అడ్డపట్టెలున్నాయి. సంస్కృతంలో ఆ అడ్డపట్టెకు సూచి అని పేరు, అంటే సూది. స్తంభంలోకి సూదిలా దూరుతుంది కనుక ఆ పేరు. చెక్కతో కట్టిన కంచెలను చూసి రాతిలో ఇటువంటివి చెక్కారని కళాచరిత్రకారులు చెబుతారు. రాతిని మలచేవాడికి తొర్రలు, దూర్పులు అవసరం లేదు, అవి వడ్రంగి పద్ధతులు. ఆ సంగతి వినిపించే తెలుగు మాట 'దడి'. గుంజలు పాతి, అడ్డంగా బద్దలు కట్టేది దడి. 'రాతి దడి' అనగానే చెక్కపని రాతిలోకి మారిన చరిత్ర ఆ రెండు మాటల మధ్యనే ఉన్నది. పట్టణపు పిల్లలకు దడి తెలియదన్న అభ్యంతరం వచ్చింది. నిజమే. అయితే వారికి మేధీ తెలియదు, వేదిక తప్పుగా తెలుసు. దడి తెలియనివాడు కనీసం అడుగుతాడు.

ఈ దడి మీద, స్తంభాల తలలన్నిటినీ కలుపుతూ, బరువైన రాతివరస ఒకటి ఉంటుంది. ఇంగ్లీషులో కోపింగ్. అమరావతిలో దాని వెలుపలి ముఖం మీద లావైన పూలదండను మోస్తున్న మనుషులను చెక్కారు. మొదటిసారి నేను 'పైకప్పు రాయి' అని రాశాను. అది తప్పు, ఎందుకంటే అక్కడ కప్పు లేదు. సంస్కృతంలో దాని పేరు ఉష్ణీషం. ఉష్ణీషమంటే తలపాగా, తలకు కట్టేది. అంటే తలకట్టు. ఆ మాట కాగితంమీద రాసి చూసుకున్నప్పుడు కాసేపు నవ్వుకున్నాను. తెలుగు అక్షరం నేర్చిన ప్రతి పిల్లవాడికి తలకట్టు ఏమిటో, ఎక్కడ ఉంటుందో తెలుసు. ఆ రాళ్ల దగ్గర ఇప్పుడు 'దడికి తలకట్టు' అని ఉన్నది. 'క'కు తలకట్టు ఎక్కడో, దడికీ అక్కడే అంటే ఒకటవ తరగతి పిల్లవాడు కూడా చేయి పైకెత్తి చూపిస్తున్నాడు.

మేధి, అండం, ఉష్ణీషం వంటి పేర్లను పూర్తిగా తొలగించలేదు. పరీక్షలలో అవి వస్తాయని ఉపాధ్యాయులు చెప్పారు, వారి ఇబ్బంది న్యాయమైనదే. తెలుగు మాట ముందు పెట్టి, లేబుల్ చివర చిన్న అక్షరాలలో 'శాస్త్రంలో దీని పేరు ఉష్ణీషం' అని చేర్చాము.

రాయి పేరు దగ్గర కూడా ఒక మాట చెప్పాలి. పాత ఇంగ్లీషు పుస్తకాలలో ఈ శిల్పాలను మార్బుల్స్ అన్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు ఇలియట్ మార్బుల్స్ అన్న పేరుతోనే ప్రసిద్ధి పొందాయి. ఆ అలవాటు కొన్ని లేబుళ్లలోనూ మిగిలి ఉండగా, నేను పాలరాయి అని అనువదించాను. కానీ ఇది పలనాటి సున్నపురాయి, కొంచెం ఆకుపచ్చ ఛాయ గల లేత బూడిదరంగుది. పాలరాయి అంటే పిల్లలకు తెల్లని తాజమహలు గుర్తుకొస్తుంది, ఎదురుగా ఉన్న రాయి ఆ రంగులో లేదు, అయినా మాటను నమ్మి 'తెల్లని శిల్పం' అని రాస్తారు. సున్నపురాయి అన్న మాటకు ఇంకొక లాభం ఉన్నది. ఆ రాతిని కాలిస్తే సున్నమవుతుందన్న సంగతి ఆ పేరులోనే ఉన్నది. అమరావతి శిల్పాలు ఎన్నో సున్నపు బట్టీలలో కాలిపోయాయి, కొన్ని కొత్త కట్టడాలకు రాళ్లుగా పోయాయి. 'ఇన్ని ముక్కలెందుకయ్యాయి?' అన్న ప్రశ్నకు సగం జవాబు రాయి పేరే చెబుతున్నది.

ఇక ఒక లేబుల్ ఎలా మారిందో పూర్తిగా చూపిస్తాను. స్తూపం బొమ్మనే చెక్కిన అరుగు పలక అది. నా మొదటి అనువాదం ఇది: 'ఆయక స్తంభ సహిత స్తూపాన్ని చిత్రించిన డోలు ఫలకం. పాలరాయి. క్రీ.శ. 2వ శతాబ్దం.' చదివిన పిల్లవాడు ఒక్క మాటకైనా కన్నెత్తి రాతివైపు చూడవలసిన అవసరం ఇందులో లేదు. ఇప్పుడున్నది ఇది:

'ఇది స్తూపం బొమ్మ. ఈ రాయి కూడా ఒకప్పుడు ఇటువంటి స్తూపానికే తొడిగి ఉండేది. కింద రాతి దడి, దాని వెనుక గుండ్రని అరుగు, అరుగు మీద దిన్నె కనిపిస్తాయి. దడి మధ్యలో దారి ఉన్నది. ఆ దారికి ఎదురుగా, అరుగు ముందు నిలిచిన స్తంభాలను లెక్కపెట్టండి. పలనాటి సున్నపురాయి. సుమారు 1,800 ఏళ్ల కిందటిది.'

ఇందులో వాక్యాలు కంటి ప్రయాణాన్ని అనుసరిస్తాయి, కింద మొదలై పైకి వెళ్లి మళ్లీ మధ్యకు వస్తాయి. స్తంభాలు ఎన్నో చెప్పలేదు. అవి ఐదు. చెబితే ఎవరూ లెక్కపెట్టరు. శతాబ్దం తీసివేయడానికి కారణం వేరు. 2వ శతాబ్దమంటే 200 తరువాతి కాలమని చాలామంది పిల్లలు లెక్కవేస్తున్నారు, నిజానికి అది 101 నుంచి 200 వరకు. శతాబ్దాల లెక్క తరగతిలో నేర్పవచ్చు, రాతిముందు నిలబడినప్పుడు 'ఎన్నేళ్ల కిందటిది' అన్నదే వారికి అందుతుంది. అచ్చువేసేటప్పుడు మరొక తగాదా వచ్చింది. ఇంగ్లీషు లేబుల్‌కు చేసిన చట్రంలోనే తెలుగూ పట్టాలని పంక్తుల మధ్య ఎడం తగ్గించారు. పై పంక్తిలోని వత్తులు కింది పంక్తిలోని గుడులకు తగిలి, 'స్తంభం' చదవడానికి పెద్దవారికే కష్టమైంది. తెలుగుకు ఆ ఎడం ఇవ్వక తప్పదు. చివరకు చట్రమే పెద్దది చేశారు. లేదంటే రెండు వాక్యాలు తీసివేయవలసి వచ్చేది.

ఈ పలకను ఇంత వివరంగా చెప్పడానికి కారణమున్నది. మ్యూజియంలోని మిగిలిన ముక్కలన్నీ ఎక్కడివో ఈ ఒక్క రాయి చెబుతుంది. అందువల్ల పిల్లలు మొదట దీని దగ్గరకే రావాలని ఉపాధ్యాయులతో మాట్లాడుకున్నాము. ఇదివరకు వారు ద్వారం దగ్గరి మొదటి శిల్పం నుంచి వరుసగా నడుస్తూ లేబుళ్లను పుస్తకాలలోకి ఎక్కించుకొనేవారు. ఇప్పుడు స్తూపం బొమ్మ దగ్గర పది నిమిషాలు కూర్చుని దానిని పుస్తకంలో గీసుకుంటారు. తరువాత వారికి ఇచ్చే పని ఒకటే. పక్క గదిలోని నాలుగు ముక్కలు, అనగా పద్మం చెక్కిన అడ్డపట్టె, తొర్రలున్న స్తంభం, పూలదండ మోసే మనుషులున్న రాయి, ఒక సింహం, ఇవి తాము గీసిన బొమ్మలో ఎక్కడ ఉంటాయో గుర్తు పెట్టాలి. అడ్డపట్టెను కొందరు నిలువుగా పెడతారు. అప్పుడు స్తంభంలో తొర్ర ఏ వైపు ఉన్నదో మళ్లీ చూసి రమ్మంటే, పరుగెత్తుకొని వెళ్లి, తిరిగి వచ్చి దిద్దుకుంటారు.

తరగతి ప్రశ్నల సంగతి ఇక్కడి నుంచే మొదలవుతుంది. నా మొదటి అనువాదంతో పాటు ఒక ప్రశ్నల పత్రం కూడా తయారుచేసి ఇచ్చాను. 'ఈ ఫలకం ఏ రాతితో చేయబడింది? ఏ శతాబ్దానికి చెందింది?' ఇటువంటివి పదిహేను. పిల్లలు అన్నిటికీ సరైన జవాబులు రాశారు. ఒకరోజు లేబుళ్ల ఫొటోలను మాత్రమే తరగతిలో ఇచ్చి, మ్యూజియానికి రాని మరొక తరగతి చేత అదే పత్రం రాయించాము. వారూ సరైన జవాబులే రాశారు. నా ప్రశ్నలు శిల్పం గురించినవి కావు, లేబుల్ గురించినవని ఆనాడు తెలిసింది. అప్పటినుంచి ప్రతి ప్రశ్నకూ ఒక పరీక్ష పెట్టుకున్నాము. లేబుల్‌ను చేత్తో మూసినా జవాబు దొరకాలి, రాతిని మూస్తే దొరకకూడదు. పదిహేనింటిలో ఈ పరీక్షకు నిలిచినది ఒక్కటే.

నిలిచిన తీరు ప్రశ్నకు ఉదాహరణ ఆయక స్తంభాలదే. బొమ్మలో ఐదు కనిపిస్తాయి. స్తూపానికి నాలుగు దిక్కులా దారులున్నాయి, ప్రతి దారికి ఎదురుగా ఒక ఆయక వేదిక ఉన్నది. మరి మొత్తం స్తంభాలెన్ని, శిల్పి ఐదే ఎందుకు చెక్కాడు? ఇరవై అన్న జవాబు అందరూ చెబుతారు. రెండవ భాగం దగ్గర ఆలోచన మొదలవుతుంది. గుండ్రని వస్తువును ఎదుటినుంచి చూస్తే ఒక వైపే కనబడుతుందని ఒకరు, రాతిలో చోటు చాలలేదని మరొకరు అంటారు. ఒక అమ్మాయి బల్లమీద చెంబు పెట్టి చుట్టూ తిరిగి చూపించింది. ఐదు స్తంభాలు బుద్ధుని జీవితంలోని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనం, మహాపరినిర్వాణం అన్న ఐదు ఘట్టాలకు గుర్తులని సాధారణంగా చెబుతారు. ఆ వివరం ఉపాధ్యాయుల పత్రంలో ఉన్నది, లెక్క ముగిసిన తరువాత చెప్పడానికి.

అన్నిటికంటె కష్టమైన లేబుల్ ఖాళీ ఆసనానిది. చెట్టు కింద ఒక ఆసనం, దాని ముందు పాదముద్రలు, ఇరువైపులా చేతులు జోడించిన మనుషులు. ఆసనం మీద ఎవరూ లేరు. ఇంగ్లీషు లేబుల్‌లోని మాటకు నేను 'నిరాకార బుద్ధారాధన' అని రాశాను. నిరాకారం అన్న మాట మన భాషలో వేదాంతం మోసుకొని వస్తుంది, రూపం లేని దైవం అన్న భావం కలుగుతుంది. ఇక్కడి విషయం అది కాదు. రూపమున్న మనిషిని ఆ రూపంలో చెక్కకపోవడం. పైగా పండితులలోనే ఏకాభిప్రాయం లేదు. బుద్ధుని గుర్తులతో సూచించారని చాలాకాలంగా చెబుతుండగా, ఇటువంటి దృశ్యాలలో చాలావరకు తరువాతి భక్తులు పవిత్ర స్థలాలను పూజించడమేనని సుసాన్ హంటింగ్టన్ 1990లో వాదించారు. ఒకే గుర్తుకు అనేక అర్థాలు ఉండవచ్చునని విద్యా దెహేజియా మరుసటి ఏడాది సమాధానమిచ్చారు. ఇంత చర్చ ఉన్నచోట నాలుగు పంక్తుల లేబుల్ తీర్పు చెప్పకూడదు. కనుక కనిపించేది మాత్రమే రాశాము: 'ఈ ఆసనం మీద ఎవరూ కూర్చోలేదు. అయినా చుట్టూ ఉన్నవారు దానికే మొక్కుతున్నారు. ఆసనం ముందు ఏమున్నదో చూడండి.'

తరగతిలో దీనికి రెండు ప్రశ్నలు. మనిషి కనిపించకపోయినా ఆయన గుర్తుకు మొక్కడం మీరు ఎక్కడైనా చూశారా? ఇక్కడ మొక్కుతున్నవారు ఆయన ఉన్న కాలంవారా, తరువాతివారా, ఎలా తెలుస్తుంది? మొదటిదానికి జవాబులు వెల్లువలా వస్తాయి. భరతుడు సింహాసనం మీద పెట్టిన పాదుకలు, పీర్ల పండుగనాడు చావడిలో నిలిపే పీర్లు, చర్చిలోని శిలువ, దండ వేసిన తాతగారి ఫొటో. ఒక పిల్లవాడు తమ ఇంట్లో నాయనమ్మ పడకకుర్చీలో ఇప్పటికీ ఎవరూ కూర్చోరని చెప్పాడట. ఆ మాట విన్నాక ఇక ఖాళీ ఆసనం గురించి తాను వివరించవలసినది మిగలలేదని ఉపాధ్యాయిని అన్నారు. రెండవ ప్రశ్నకు జవాబు రాతిలో దొరకదు, పిల్లలు గంట సేపు వాదించుకుంటారు. మూసిన లేబుల్ పరీక్షకు ఇది నిలవదని నాకు తెలుసు. అయినా ఉంచాము. తెలిసిన జవాబు లేని ప్రశ్న ఒక్కటైనా పత్రంలో ఉండాలన్నది నా పట్టుదల, దీనితో కొందరు ఉపాధ్యాయులు ఇప్పటికీ ఏకీభవించరు. మార్కులు ఎలా వేయాలని వారు అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు.

చివరి గదిలోని దాతల లేబుల్ మీద జరిగిన వాదం మరొక తీరుది. అమరావతి శాసనాలు ప్రాకృతంలో, బ్రాహ్మీలిపిలో ఉన్నాయి. రాళ్లను ఎవరు ఇచ్చారో అవి చెబుతాయి. వాటిలో ఒకటి విధికుడు అన్నవాడిది. అతడు చమ్మకారుడు, అంటే తోలుపని చేసేవాడు. ఉపాధ్యాయుడైన నాగుని కొడుకు. తల్లి, భార్య, సోదరులు, కొడుకు నాగుడు, కూతుళ్లు, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను ఇచ్చాడు. శాసనంలో ఆ కానుకను పుణఘటకపట అన్నారు. పూర్ణఘటమన్నది మన పిల్లలకు పూర్ణకుంభంగా, ఆంధ్రప్రదేశ్ రాజముద్రగా చిరపరిచితమే. దానిని అనువదించడానికి శ్రమ లేదు. శ్రమ అంతా 'చమ్మకార' దగ్గరనే.

లేబుళ్లను పరిశీలించిన సమావేశంలో ఒకరు వృత్తి తీసివేసి 'విధికుడనే భక్తుడు' అని రాస్తే చాలునన్నారు. తరగతిలో ఎవరినైనా వేలెత్తి చూపినట్లవుతుందని వారి భయం. ఆ భయాన్ని తేలికగా తీసుకోలేము. మరొకరు సూచించిన మాట ఈనాటి ఒక కులం పేరు. అది చరిత్రరీత్యా తప్పు. చమ్మకార అన్నది శాసనం చెప్పిన వృత్తి. నేటి కులవ్యవస్థలోని పేరును సుమారు 1,800 ఏళ్ల కిందటి మనిషికి అంటగట్టే ఆధారం మనకు లేదు. కానీ తీసివేయడమూ తప్పే. విధికుడు తన పేరు పక్కన తన పనిని చెక్కించుకున్నాడు. అతడు దాచని దానిని దాచే అధికారం అనువాదకుడికి ఎక్కడిది? 'చర్మకారుడు' అన్న తత్సమం మధ్యేమార్గంగా వచ్చింది. పరవాలేదు, కానీ ఆ మాట పిల్లలకు ఏమీ చెప్పదు. చివరకు 'తోలుపని చేసే విధికుడు' అని నిలిచింది. చేసే పని చెప్పింది, మనిషిని మరొక పేరులో కలపలేదు. రెండు గంటల వాదం తరువాత, ఒక ఓటు తేడాతో.

ఆ లేబుల్‌కు మేము అనుకున్న తరగతి ప్రశ్న, ఒక్కడే ఇవ్వగల కానుకకు ఇంతమంది పేర్లు, బంధుత్వాలు ఎందుకు చెక్కించాడు అన్నది. పిల్లలు మాత్రం వేరే ప్రశ్న పట్టుకున్నారు. శాసనపు తెలుగును నల్లబల్ల మీద రాయగానే, వెనక బెంచీలో నుంచి ఒక అమ్మాయి లేచి "టీచర్, నాగుడు రెండుసార్లు ఉన్నాడు" అన్నది. తండ్రి పేరు నాగుడు, కొడుకు పేరు నాగుడు. అచ్చుతప్పు కావచ్చునని ఉపాధ్యాయిని ఫోన్ చేసి నన్ను అడిగారు. కాదని, శాసనంలో అలాగే ఉన్నదని చెప్పాను. ఆ జవాబు తరగతికి చేరేలోపే పిల్లలే తేల్చుకున్నారట. తాత పేరు మనవడికి పెట్టారు, మా తమ్ముడికీ అంతే అని ఆ అమ్మాయి చెప్పింది. ఇన్నిసార్లు ఆ శాసనం చదివి, 'చమ్మకార' మీద అంత వాదించిన మాలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. తండ్రి ఉపాధ్యాయుడై ఉండగా కొడుకు తోలుపని ఎందుకు చేశాడని ఆ వెంటనే మరొకరు అడిగారు. దానిని ఉపాధ్యాయుల పత్రంలో చివరి ప్రశ్నగా చేర్చాము, జవాబు చోటు ఖాళీగానే ఉన్నది.